ఇన్‌బాక్స్ నిండా పేరుకున్న మెయిళ్లను తేదీ ఉన్న పనులుగా మార్చడం: రోజూ పాటించే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లుకు, నల్లగొండలో రెండు షాపులకు లెక్కలు, మెయిళ్లు నేనే చూస్తాను. ఈ పని చేసే తోటివాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "అక్కా, మెయిల్ చూసిన, కానీ పని యాదికి లేకుండ పోయింది. ఏం చేయాలె?"

నాకూ అలాగే జరిగింది. గోదాములో సరుకు ఇన్సూరెన్స్ రెన్యూవల్ మెయిల్ వచ్చినప్పుడు నేను కాంటా దగ్గర నిలబడి ఉన్నాను. ఫోన్‌లో తెరిచాను, చదివాను, లారీ తూకం అయిపోతే చీటీ రాశాను. తెరిచిన మెయిల్ బోల్డ్ అక్షరాలు పోయి మామూలుగా మారిపోయింది. దాని మీద ఇంకో 40 మెయిళ్లు పడ్డాయి. పాలసీ గడువు దాటిన 12 రోజులకు మళ్లీ కళ్లబడింది. ఆ 12 రోజులూ గోదాము నిండా ధాన్యం ఉంది, ఇన్సూరెన్స్ మాత్రం లేదు.

అప్పటి నుంచి నేను పాటిస్తున్న పద్ధతి ఇది. ఇన్‌బాక్స్ అంటే ఉత్తరాలు వచ్చి పడే డబ్బా. పనుల జాబితా వేరే చోట ఉండాలి, అందులో ప్రతి పనికీ ఒక తేదీ ఉండాలి. ఇక్కడ రాసిందంతా జీమెయిల్‌కు, దాని పక్కనే ఉండే గూగుల్ టాస్క్స్‌కు సంబంధించినది, ఎందుకంటే మా దగ్గర చాలా ఆఫీసుల్లో వాడేది అదే.

## 1. ముందుగా సెట్ చేసుకోవాల్సినవి

ఈ పని కంప్యూటర్‌లోనే చేయండి. 15 నిమిషాలు పడుతుంది, ఒక్కసారి చేస్తే చాలు.

- జీమెయిల్‌లో పైన కుడివైపు గేర్ గుర్తు నొక్కి `See all settings` తెరవండి.
- `General` లో `Keyboard shortcuts on` ఎంచుకోండి.
- `Advanced` లో `Auto-advance` ను `Enable` చేయండి. ఇక ఒక మెయిల్ పక్కకు తీయగానే ఇన్‌బాక్స్‌కు తిరిగి పోకుండా వెంటనే ఇంకో మెయిల్ తెరుచుకుంటుంది.
- రెండు చోట్లా కింద ఉన్న `Save Changes` నొక్కండి. చాలామంది ఇదే మర్చిపోతారు.
- కుడివైపు పట్టీలో `Tasks` గుర్తు నొక్కి జాబితా తెరుచుకుంటుందో లేదో చూడండి.
- ఫోన్‌లో గూగుల్ టాస్క్స్ యాప్ వేసుకుని అదే అకౌంట్‌తో లాగిన్ అవ్వండి.

`Auto-advance` చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ తేడా చాలా ఉంటుంది. ప్రతిసారీ ఇన్‌బాక్స్‌లోకి తిరిగి వస్తే కన్ను తేలికైన మెయిళ్ల మీదికే పోతుంది. కష్టమైన మెయిల్ అలాగే కూర్చుంటుంది.

## 2. పాత గుట్టను ఒకేసారి పక్కకు తీయండి

మూడు వేల మెయిళ్లను ఒక్కొక్కటిగా చూసి సర్దాలని కూర్చుంటే రెండో రోజే వదిలేస్తారు. 30 రోజులు దాటిన వాటిని మొత్తంగా ఆర్కైవ్ చేయండి. ఆర్కైవ్ అంటే తీసేయడం కాదు. మెయిల్ ఇన్‌బాక్స్ నుంచి మాత్రమే పోతుంది, `All Mail` లో ఉంటుంది, వెతికితే దొరుకుతుంది.

ఆర్కైవ్ చేసే ముందు ఒక్క జాగ్రత్త. ఆ గుట్టలో ఇంకా గడువు ఉన్న కాగితం ఏదైనా ఉందేమో చూడాలి. పైన ఉన్న వెతికే పెట్టెలో ఇలా కొట్టండి:

```
in:inbox older_than:30d (notice OR renewal OR "due date")
```

వచ్చినవి ఎన్ని ఉన్నా సబ్జెక్టు లైన్లు మాత్రం చదువుతూ పోండి. ఇంకా ప్రాణం ఉన్న మెయిల్ కనిపిస్తే తెరిచి పైన ఉన్న `Add to Tasks` నొక్కండి. రేపటి తేదీ వేసి వదిలేయండి, వివరంగా రేపు చూడొచ్చు. మీ బ్యాంకు పేరు, ఆడిటర్ పేరు పెట్టి కూడా ఇలాగే ఒక్కోసారి వెతకండి.

తర్వాత గుట్ట మొత్తాన్ని తీయండి:

```
in:inbox older_than:30d
```

పైన ఎడమవైపు చిన్న గడి టిక్ చేస్తే ఆ పేజీలోవి మాత్రమే ఎంపికవుతాయి. అప్పుడే పైన ఇంకో లైను వస్తుంది, `Select all conversations that match this search` అని. దాన్ని కూడా నొక్కాలి. ఆ తర్వాతే `Archive`. ఈ లైను నొక్కకపోతే ఒక పేజీ మాత్రమే పోతుంది, మిగతా గుట్ట కదలదు.

స్టోరేజ్ నిండిపోయి మెయిళ్లు రావడం లేదంటే మాత్రం ఆర్కైవ్ పనికిరాదు, అది జాగా ఖాళీ చేయదు. ఉచితంగా వచ్చే 15 జీబీలో మెయిళ్లతో పాటు డ్రైవ్, ఫోటోలు కూడా లెక్కలోకి వస్తాయి. `larger:10M` అని వెతికి, పెద్ద అటాచ్‌మెంట్లలో అక్కర్లేనివి చూసి తీసేయండి. తీసేసినవి `Trash` లో 30 రోజులు ఉంటాయి కాబట్టి పొరపాటు జరిగితే వెనక్కి తెచ్చుకోవచ్చు. జాగా వెంటనే కావాలంటే మాత్రం `Trash` కూడా ఖాళీ చేయాలి.

## 3. రోజుకు రెండుసార్లు కూర్చోవడం

నేను పొద్దున పదింబావుకు ఒకసారి, సాయంత్రం నాలుగున్నరకు ఒకసారి కూర్చుంటాను. పొద్దున 25 నిమిషాలు, సాయంత్రం పది. మీ ఆఫీసును బట్టి టైము మార్చుకోండి, కానీ రోజూ అదే టైము ఉండాలి. మధ్యలో మెయిల్ పేజీ మూసేయండి.

కింద నుంచి పైకి, అంటే పాతదాని నుంచి కొత్తదానికి రండి. పైన కుడివైపు మెయిళ్ల లెక్క ఉన్న చోట నొక్కితే `Oldest` అని వస్తుంది, దాంతో పాతవి ఉన్న పేజీ తెరుచుకుంటుంది. `General` లోని `Auto-advance` దగ్గర కూడా కొత్త మెయిల్ వైపు వెళ్లే ఎంపిక పెట్టుకోండి. పై నుంచి మొదలుపెడితే నిన్న మిగిలినవి ఎప్పుడూ అడుగునే ఉండిపోతాయి.

ప్రతి మెయిల్ దగ్గర ఒకే ప్రశ్న వేసుకోండి: దీని వల్ల నేను చేయాల్సింది ఏమైనా ఉందా?

- ఏమీ లేదు: `e` నొక్కితే ఆర్కైవ్. ప్రకటన అయితే తీసేయండి.
- ఉంది, రెండు నిమిషాల్లో అయిపోతుంది: ఇప్పుడే చేసి `e` నొక్కండి.
- ఉంది, ఎక్కువ సేపు పడుతుంది: `Shift + t` నొక్కితే టాస్క్ అవుతుంది. పేరు మార్చి, తేదీ వేసి, `e` నొక్కండి.
- ఫలానా రోజు ఫలానా టైముకు ఎవరో వస్తున్నారు: టాస్క్ కాదు, క్యాలెండర్‌లో రాసుకోవాలి.

మెయిల్‌ను ఆర్కైవ్ చేస్తే టాస్క్‌కు లంకె తెగిపోతుందేమోనని చాలామందికి టెన్షన్. తెగిపోదు. టాస్క్ కింద మెయిల్ గుర్తు అలాగే ఉంటుంది, నొక్కితే మెయిల్ తెరుచుకుంటుంది. శాశ్వతంగా తీసేస్తేనే సమస్య.

ఈ 25 నిమిషాల్లో పనులు చేయడం మొదలుపెట్టకండి. రెండు నిమిషాలు దాటేది ఏదైనా టాస్క్‌గా రాసి ముందుకు సాగండి. స్టేట్‌మెంట్ తయారు చేయడానికి దిగితే పైనున్న పది మెయిళ్లు చూడకుండానే భోజనాల వేళ అవుతుంది.

## 4. టాస్క్ పేరు ఎలా రాయాలి

`Add to Tasks` నొక్కగానే మెయిల్ సబ్జెక్టే టాస్క్ పేరుగా వస్తుంది. దాన్ని అలాగే వదిలేస్తే ఈ పద్ధతి పది రోజుల్లో కూలిపోతుంది.

మా దగ్గర పని నేర్చుకుంటున్న తమ్ముడు మొదటి వారం రాసిన టాస్క్ ఒకటి ఇంకా గుర్తుంది. పేరు "బ్యాంకు". తేదీ గురువారం. గురువారం వచ్చింది, ఆ పేరు వైపు చూస్తూ కూర్చున్నాడు. "అక్కా, బ్యాంకుకు పోవాల్నా, ఫోన్ చేయాల్నా, ఏమన్న పంపాల్నా?" అని నన్నే అడిగాడు. మెయిల్ మళ్లీ తెరిచి, మూడు పేజీలు మళ్లీ చదివి, అప్పుడు తెలుసుకున్నాడు. ఒకసారి చదివిన మెయిల్‌ను రెండోసారి మొదటి నుంచి చదవాల్సి వచ్చిందంటే టాస్క్ పేరు సరిగా రాయలేదని అర్థం.

పేరులో ఉండాల్సినవి ఎవరి పని, ఏ కాగితం, ఏం చేయాలి, చివరి రోజు ఎప్పుడు అన్నవి. చివర్లో చేయాల్సిన పని క్రియగా ఉండాలి: పంపాలి, సరిచూడాలి, అడగాలి, కట్టాలి.

ఆ "బ్యాంకు" టాస్క్‌ను ఇలా మార్చాం: "మిల్లు: అక్టోబర్ స్టాక్ స్టేట్‌మెంట్ బ్యాంకుకు పంపాలి, చివరి రోజు 25". దీన్ని చూస్తే మెయిల్ తెరవక్కర్లేదు.

"చూడాలి" అన్న క్రియను మాత్రం రాయకండి. చూసిన తర్వాత ఏం చేయాలో రాయకుండా తప్పించుకునే మాట అది.

## 5. ఏ తేదీ వేయాలి

అన్నింటికన్నా ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. మెయిల్‌లో 25 లోగా అని ఉంటే టాస్క్‌కు కూడా 25వ తేదీ వేస్తారు. 25న పొద్దున జాబితా తెరిస్తే గోదాములో బస్తాల లెక్కే తీసి ఉండదు. గోదాము చూసే ఆయన ఆ రోజు పెళ్లికి పోయి ఉంటాడు.

టాస్క్ తేదీ అంటే మీరు ఆ పని పట్టుకుని కూర్చునే రోజు. చివరి రోజు పేరులోనే ఉంటుంది కాబట్టి తేదీ గడిలో అది అక్కర్లేదు. తేదీ వేసేటప్పుడు నేను చివరి రోజు నుంచి వెనక్కి లెక్క వేస్తాను:

- చివరి రోజు కన్నా కనీసం ఒక పనిదినం ముందు నా చేతిలోంచి పోవాలి.
- మధ్యలో ఆదివారం గానీ, బ్యాంకులకు సెలవు ఉండే రెండో, నాలుగో శనివారం గానీ ఉందా?
- ఇంకొకరి నుంచి ఏదైనా రావాలా? రావాలంటే దాన్ని అడగడానికి వేరే టాస్క్, ముందు తేదీతో.

మూడోది ముఖ్యం. మెయిల్ ఒక్కటే అయినా పనులు రెండో మూడో ఉండొచ్చు. ఒకే టాస్క్‌గా రాస్తే మొదటి మెట్టు ఎప్పుడు మొదలుపెట్టాలో తెలియదు.

రోజుకు ఐదు టాస్కులకు మించి వేయకండి. ఆరోది వస్తే వేరే రోజు చూసుకోండి. పన్నెండు పనులున్న రోజు చివరికి ఏడు పనులు మరుసటి రోజుకు జరుగుతాయి, నాలుగు రోజులు అలా జరిగితే తేదీలకు విలువే ఉండదు.

ప్రతి నెలా వచ్చే వాటికి మెయిల్ కోసం ఎదురుచూడొద్దు. నెలనెలా రిటర్నులు వేసేవాళ్లకు GSTR-1 చివరి రోజు 11, GSTR-3B కి 20, టీడీఎస్ కట్టడానికి 7 (మార్చి నెలది మాత్రం ఏప్రిల్ 30), పీఎఫ్‌కు 15. వీటిని టాస్క్స్‌లో నేరుగా కొత్త పనులుగా రాసి, ప్రతి నెలా తిరిగి వచ్చేలా `Repeat` పెట్టండి. తేదీ మాత్రం చివరి రోజుకు మూడు రోజుల ముందు వేయండి.

## 6. ఒక సోమవారం పొద్దున, తొమ్మిది మెయిళ్లు

నవంబర్ 17, సోమవారం. వానాకాలం పంట కోతలు జోరుగా ఉన్నాయి, మిల్లు గేటు బయట ధాన్యం లారీలు వరసగా ఆగి ఉన్నాయి. ఇన్‌బాక్స్‌లో తొమ్మిది మెయిళ్లు.

మూడు ప్రకటనలు. రెండు తీసేశాను. మూడోది రోజూ వచ్చే కంపెనీది, `Unsubscribe` నొక్కి తీసేశాను.

పీఎఫ్ చలానా కట్టేశామని కన్సల్టెంట్ పంపిన రసీదు. చేయాల్సిందేమీ లేదు, `e`.

కర్నూలు వ్యాపారి 200 బస్తాల సన్నబియ్యం రేటు అడిగాడు. ఆ రోజు రేటు గోడ మీద బోర్డులో ఉంది. రెండు లైన్లు రాసి పంపాను, `e`.

ట్రాన్స్‌పోర్ట్ బిల్లు, 12 లారీలది. "ట్రాన్స్‌పోర్ట్ బిల్లు 12 లారీల కాంటా చీటీలతో సరిచూడాలి, కట్టాల్సింది 30 లోగా". తేదీ 19.

కాంటా రిపేరు వాళ్లు గురువారం 20న పదకొండింటికి వస్తామన్నారు. అది ఫలానా టైముకు సంబంధించినది కాబట్టి క్యాలెండర్‌లోకి. లారీలు నిలబడే వేళ కాబట్టి పొద్దున ఏడింటికి రమ్మని వెంటనే జవాబు రాశాను.

బ్యాంకు అక్టోబర్ స్టాక్ స్టేట్‌మెంట్ 25 లోగా పంపమంది. దీన్ని రెండు టాస్కులు చేశాను. "గోదాము: అక్టోబర్ 31 నాటి బస్తాల లెక్క అడిగి తీసుకోవాలి", తేదీ 18. "మిల్లు: అక్టోబర్ స్టాక్ స్టేట్‌మెంట్ బ్యాంకుకు పంపాలి, చివరి రోజు 25", తేదీ 22.

ఇక తొమ్మిదోది బరువైనది. సెప్టెంబర్‌కు GSTR-1 లో చూపిన పన్నుకూ, GSTR-3B లో కట్టిన పన్నుకూ తేడా ఉందని DRC-01B వచ్చినట్టు మెయిల్. దీనికి ఏడు రోజుల్లోగా పార్ట్ బీలో జవాబు ఇవ్వాలి, లేదా తేడా కట్టాలి. రెండూ చేయకపోతే తర్వాతి GSTR-1 వేయనివ్వదు. పన్ను పేరుతో దొంగ మెయిళ్లు కూడా వస్తాయి కాబట్టి మెయిల్‌లోని లింక్ నొక్కలేదు. పోర్టల్ విడిగా తెరిచి లాగిన్ అయ్యి అక్కడ ఉందో లేదో చూశాను. ఉంది, తేదీ 17. అంటే 24 సోమవారం చివరి రోజు.

వెనక్కి లెక్క వేస్తే 23 ఆదివారం, 22 నాలుగో శనివారం. తేడా కట్టాల్సి వస్తే ఓనర్ బ్యాంకుకు పోవాలి, కాబట్టి నాకు నిజంగా మిగిలిన చివరి రోజు 21 శుక్రవారం. 20న GSTR-3B ఉంది, ఆ రోజు దీనికి కుదరదు. అలా మూడు టాస్కులు వచ్చాయి:

- "మిల్లు: DRC-01B డౌన్‌లోడ్ చేసి ప్రింట్ తీయాలి, చివరి రోజు 24", తేదీ 17.
- "మిల్లు: సెప్టెంబర్ సేల్స్ రిజిస్టర్‌ను GSTR-1, 3B లతో సరిచూడాలి", తేదీ 18.
- "మిల్లు: DRC-01B పార్ట్ బీ జవాబు ఫైల్ చేయాలి, చివరి రోజు 24", తేదీ 21.

మొత్తం 23 నిమిషాలు పట్టింది. ఇన్‌బాక్స్ ఖాళీ, ఆరు టాస్కులు, క్యాలెండర్‌లో ఒకటి. మరుసటి రోజు సరిచూస్తే ఒక క్రెడిట్ నోట్ 3B లో పడి GSTR-1 లో పడలేదని తేలింది. కారణం రాసి, 21 మధ్యాహ్నం జవాబు ఫైల్ చేశాం. ఆ మెయిల్‌ను సోమవారం చదివి, "ఇంకా వారం ఉంది కదా" అని 24వ తేదీకి ఒకే టాస్క్ రాసి ఉంటే, క్రెడిట్ నోట్ ఫైలు వెతకడానికే ఆ రోజంతా పోయేది.

గడువును నోటీసు తేదీ నుంచి లెక్క వేయండి, మీరు మెయిల్ చదివిన రోజు నుంచి కాదు. మూడు రోజులు ఆలస్యంగా చదివితే మిగిలేది నాలుగే.

## 7. ఎదుటివాళ్ల దగ్గర ఆగిన పనులు

మనం మెయిల్ పంపేశాక పని అయిపోయినట్టు అనిపిస్తుంది. ఎదుటివాళ్లు జవాబు ఇవ్వకపోతే మన పనే ఆగుతుంది. అందుకని జవాబు కావాల్సిన మెయిల్ పంపిన వెంటనే, పంపిన మెయిల్ మీదే `Shift + t` నొక్కి ఇలా రాస్తాను: "అడగాలి: ఆడిటర్ నుంచి సంతకం చేసిన బ్యాలెన్స్ షీట్, పంపింది 17". తేదీ మూడు రోజుల తర్వాతిది.

"అడగాలి" అన్న మాట మొదట్లోనే ఉండటం వల్ల ఆ రోజు జాబితాలో ఫోన్లు చేయాల్సినవి ఒక్క చూపులో కనిపిస్తాయి. మా దగ్గర రెండోసారి మెయిల్ పంపడం కన్నా ఫోన్ చేస్తేనే పని జరుగుతుంది. జవాబు వస్తే మెయిల్ ఆర్కైవ్ నుంచి దానంతట అదే ఇన్‌బాక్స్‌కు వస్తుంది, అప్పుడు టాస్క్ టిక్ చేయండి.

## 8. ఎక్కడ తప్పుతుంది, ఎలా సరిచేయాలి

ఫోన్‌లో తెరిచి వదిలేయడం. నాకు ఇన్సూరెన్స్ పోయింది ఇలాగే. బయట ఉన్నప్పుడు మెయిల్ తెరిస్తే రెండే దారులు. మూడు చుక్కలు నొక్కి `Add to Tasks` చేయండి, లేదా `Mark as unread` చేసి వదిలేయండి.

స్నూజ్‌ను టాస్క్‌లా వాడటం. `Snooze` చేస్తే మెయిల్ ఆ రోజున తిరిగి వస్తుంది, కానీ అదే పాత సబ్జెక్టుతో వస్తుంది. ఏం చేయాలో మళ్లీ చదివి తేల్చుకోవాలి. ప్రయాణం టికెట్ లాంటి, ఆ రోజు తెరిచి చూపిస్తే సరిపోయే వాటికే స్నూజ్ బాగుంటుంది.

నక్షత్రాలు. ముఖ్యమని స్టార్ పెట్టడం అలవాటైతే నెలకు 60 స్టార్లు అవుతాయి, వాటిలో ఒక్కదానికీ తేదీ ఉండదు. `is:starred` అని వెతికి, వచ్చిన వాటన్నింటికీ ఒక రోజు కూర్చుని తేదీలు వేయండి, తర్వాత స్టార్లు తీసేయండి.

గడువు దాటిన టాస్కులు ఎర్రగా పేరుకోవడం. మూడోసారి తేదీ మార్చుతున్నారంటే పేరు పెద్దదిగా ఉందని తెలుసుకోండి. "ఆడిట్ ఫైల్ తయారు చేయాలి" అన్నది ఒక్కరోజు పని కాదు. "ఏప్రిల్, మే బ్యాంకు స్టేట్‌మెంట్లు ప్రింట్ తీయాలి" అన్నది ఒక్కరోజులో అయ్యే పని.

గుంపు మెయిళ్లు. పదిమందికి కాపీ పెట్టి "సరే", "అందింది" అంటూ తిరిగే మెయిల్ ఎన్నిసార్లు ఆర్కైవ్ చేసినా జవాబు రాగానే తిరిగి వస్తుంది. మీ పని ఏమీ లేదని తేలాక `m` నొక్కండి, అది ఇక ఇన్‌బాక్స్‌కు రాదు. మీ పేరుతో అడిగే అవకాశం ఉన్న గుంపును మాత్రం మ్యూట్ చేయకండి.

నాలుగు రోజులు ఊరికి పోయి రావడం. బతుకమ్మ, దసరాకు పోయి వచ్చేసరికి 150 మెయిళ్లు ఉంటాయి. ఆ రోజు మాత్రం వరస మార్చండి. ముందు టాస్క్స్ తెరిచి దాటిపోయిన వాటికి కొత్త తేదీలు వేయండి. తర్వాత ఇన్‌బాక్స్‌లో `notice`, `due` అని, బ్యాంకు పేరుతో వెతికి, వాటిని ముందు చూడండి. మిగిలినవి ఎప్పటిలాగే పాతవాటి నుంచి, పూటకు 50 చొప్పున. రెండో రోజు సాయంత్రానికి అయిపోతాయి.